డ్రోన్ ఫొటోలో నీడను చదవడం

హైదరాబాద్‌లోని ఇళ్ల సముదాయాన్ని డ్రోన్‌తో తీసిన ఫొటోలో ముందుగా చూడాల్సింది పరిసరాలు: చెరువు, ఖాళీ స్థలం, పెద్ద రోడ్డు ఏ వైపున్నాయో. రోడ్డు వెడల్పును ఆగి ఉన్న కారుతో పోల్చుకోవచ్చు. దాని పొడవు సుమారు 4 మీటర్లు. దిక్కు తెలిపేది నీడ. డిసెంబరు చివర్లో, మధ్యాహ్నం 12.15 ప్రాంతంలో, 15 మీటర్ల భవనం నీడ ఉత్తరానికి దాదాపు 13 మీటర్లు సాగుతుంది. భవనం పక్కనే ఉత్తరాన 9 మీటర్ల రోడ్డుంటే అది పూర్తిగా నీడలోనే ఉంటుంది. జూన్ చివర్లో సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు కనుక నీడ దక్షిణానికి పడుతుంది, అదీ మీటరున్నరే. అందుకే ఫొటో తీసిన తేదీ, సమయం తెలియకుండా ఉత్తరం ఇదేనని తేల్చకూడదు.