కాగితంలో లేని ఉత్తరం హద్దు

ఇంటి స్థలం దస్తావేజు జిరాక్సు ఒకటి ఉందనుకుందాం. కంప్యూటర్‌లో టైపు చేసిందే గానీ, మడత పడ్డచోట అక్షరాలు చెరిగిపోయాయి. తూర్పున పంచాయతీ రోడ్డు, దక్షిణాన ఖాళీ స్థలం, పడమర కాలువ అని తెలుస్తోంది. ఉత్తరం హద్దు మాత్రం మడతలో పోయింది. దీని ఫొటోను రెండు రకాల సాఫ్ట్‌వేర్‌లతో చదివిస్తే రెండూ తప్పు చేయొచ్చు, కానీ ఒకే రకం తప్పు కాదు.

మొదటిది ఓసీఆర్ ఇంజిన్. హెచ్‌పీ కంపెనీలో 1980లలో పుట్టి, 2005లో అందరికీ ఉచితంగా అందిన టెస్సరాక్ట్ ఇలాంటిదే. అది పేజీని నలుపు తెలుపుగా మార్చి, వరుసలుగా విడదీసి, ఒక్కో వరుసలో అక్షరాల ఆకారాలను గుర్తుపడుతుంది. దస్తావేజుకు నాలుగు హద్దులుంటాయన్న సంగతి దానికి పట్టదు. అందుకే మడత దగ్గర అర్థంలేని గీతలు, చుక్కలు ఇస్తుంది, లేదా ఆ ముక్కను వదిలేస్తుంది.

అది కల్పించేదల్లా కాగితం మీది మరకల్లోంచే. ‘ద’ కింద జిరాక్సు మచ్చ పడితే ‘ధ’ అంటుంది, రబ్బరు ముద్ర అంచును సున్నా అనుకుంటుంది. ఈ కింది ఆదేశం ఇస్తే ప్రతి మాటా పేజీలో ఎక్కడుందో, దాని మీద ఇంజిన్‌కు నూటికి ఎంత నమ్మకమో `conf` అనే వరుసలో చూపిస్తుంది.

```
tesseract deed.png deed -l tel tsv
```

అంకె తక్కువగా ఉన్నచోట అనుమానించాలి. అయితే మచ్చ అచ్చం అక్షరంలాగే ఉంటే తప్పుకూ ఎక్కువ అంకె రావచ్చు.

రెండోది విజన్ లాంగ్వేజ్ మోడల్. బొమ్మతో పాటు తాను అప్పటిదాకా రాసిన మాటలనూ చూసుకుంటూ తర్వాతి మాట ఎంచుకుంటుంది. చేతిరాత, పట్టికలు, వంకర ఫొటోలను చాలాసార్లు ఓసీఆర్ కంటే బాగా చదవడానికి ఇదొక కారణం. బొమ్మ స్పష్టంగా లేనిచోట మాత్రం మాటల అలవాటుదే పైచేయి. మూడు హద్దులు రాశాక నాలుగోది రావాలి కాబట్టి ‘ఉత్తరం: పంచాయతీ రోడ్డు’ అని తప్పుల్లేని తెలుగులో రాసేయొచ్చు. అంకెల్లోని సొమ్ము అక్షరాల్లో రాసినదానికి తేడాగా ఉంటే, రెండింటినీ కలిపేయనూవచ్చు. చదివేవారికి అనుమానమే రాదు.

దీన్ని పట్టుకునే పరీక్ష ఒకటుంది. ఫొటోలో ఉత్తరం హద్దున్న చోటును తెల్లగా కప్పి మళ్లీ చదివించండి. అప్పుడూ హద్దు వచ్చిందంటే అది కాగితంలోంచి రాలేదన్నమాటే. ఈసారి రాకపోయినంత మాత్రాన మొదటిది నిజమని చెప్పలేం.

కాబట్టి రెండింటితోనూ చదివించి, తేడా వచ్చిన మాటలనూ, తేడా రాకపోయినా పేర్లు, సర్వే నంబర్లు, సొమ్ములనూ కాగితంతో పోల్చాలి. కంటికీ కనిపించని ఉత్తరం హద్దును ‘చదవడానికి వీల్లేదు’ అని రాసి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేసుకోవాలి.