ధర వ్యాకోచత్వం: సమాధానాన్ని సరిచూసే విధానం

టమాట ధర కిలో రూ. 20 నుండి రూ. 30కి పెరిగినప్పుడు ఒక దుకాణంలో రోజువారీ అమ్మకం 120 కిలోల నుండి 80 కిలోలకు తగ్గిందనుకుందాం. ఇతర అంశాలేవీ మారలేదు. తొలి విలువలు ఆధారమైతే ధర 50 శాతం పెరిగింది, పరిమాణం 33.3 శాతం తగ్గింది, వ్యాకోచత్వం −0.67. ధర 30 నుండి 20కి తగ్గినట్లు లెక్కిస్తే అది −1.5 అవుతుంది. ఆధారం మారినందువల్లనే ఒకే దత్తాంశం రెండు విరుద్ధ ఫలితాలనిచ్చింది.

రెండు బిందువుల మధ్య వ్యాకోచత్వానికి సగటు విలువలనే ఆధారంగా తీసుకోవాలి. సగటు ధర 25, సగటు పరిమాణం 100. మార్పులు వరుసగా 40, −40 శాతం. ఏ దిశలో లెక్కించినా సమాధానం −1.

రుణ గుర్తు ధర, పరిమాణాల విలోమ సంబంధాన్ని మాత్రమే తెలుపుతుంది. వ్యాకోచ స్థాయిని పరమ మూల్యంతో నిర్ణయించాలి. −1.5 అనేది 1 కంటే చిన్న సంఖ్య కనుక డిమాండ్ అవ్యాకోచమని రాయడం పొరపాటు, 1.5 వ్యాకోచ డిమాండ్‌ను సూచిస్తుంది.

చివరిగా మొత్తం రాబడిని చూడాలి. ధర పెరిగినప్పుడు రాబడి తగ్గితే డిమాండ్ వ్యాకోచం, పెరిగితే అవ్యాకోచం. ఇక్కడ రెండు ధరల వద్దా రాబడి రూ. 2,400. కాబట్టి ఏకత్వ వ్యాకోచత్వమే సరైన సమాధానం.