పట్టాభిషేకం నాటికి శివాజీ వయసెంత? 44, 45, 47లో ఏది కరెక్ట్?

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక్కటే ప్రశ్న. రాయగఢ్ కోటలో ఛత్రపతిగా సింహాసనం ఎక్కిన రోజున శివాజీ మహరాజ్ వయసెంత? సింపుల్ ప్రశ్నే కదా అనిపిస్తుంది. కానీ ఒకచోట 44 అని, ఇంకోచోట 45 అని, కొన్ని పాత పుస్తకాల్లో 47 అని కనిపిస్తుంది. ఈ మూడు నంబర్లు ఎక్కడి నుంచి వచ్చాయో, ఏది నిలబడుతుందో మనమే లెక్క వేసి చూద్దాం.

ముందు మన దగ్గరున్న ఆధారాలు చూద్దాం. మహారాష్ట్రలో జేధే అనే దేశ్‌ముఖ్ కుటుంబం దగ్గర ఒక తేదీల జాబితా దొరికింది. దాన్ని జేధే శకావళి అంటారు. ఏ శకంలో, ఏ తిథిన, ఏం జరిగిందో వరుసగా రాసిపెట్టిన చిన్న డాక్యుమెంట్ అది. లోకమాన్య తిలక్ దాన్ని ప్రచురించాక చరిత్రకారుల్లో పెద్ద చర్చే మొదలైంది. అందులో శివాజీ పుట్టుక ఇలా ఉంటుంది: శక సంవత్సరం 1551, శుక్ల నామ సంవత్సరం, ఫాల్గుణ బహుళ తదియ, శుక్రవారం. పట్టాభిషేకం జరిగింది శకం 1596, ఆనంద నామ సంవత్సరం, జ్యేష్ఠ మాసం శుక్ల పక్షంలో.

ఇక్కడ మనకొక అడ్వాంటేజ్ ఉంది. మన తెలుగు పంచాంగం, మరాఠీ పంచాంగం రెండూ ఒకే పద్ధతి. రెండింటిలోనూ శాలివాహన శకమే, నెల అమావాస్యతోనే ముగుస్తుంది. మన ఉగాది రోజునే వాళ్ళకి గుడి పడ్వా. కాబట్టి ఈ తేదీలు మనింట్లో పంచాంగం చదివినట్టే చదువుకోవచ్చు.

ఇప్పుడు లెక్కలోకి వెళ్దాం. అందరూ ముందు చేసే పని తీసివేత. 1596లోంచి 1551 తీసేస్తే 45. ఓకే, 45 ఏళ్ళు అనేస్తారు. ఇంకొంతమంది ఇంగ్లీష్ సంవత్సరంలోకి మార్చి సరిచూసుకుంటారు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని స్కూల్లో చదువుకున్నాం కదా. 1551కి 78 కలిపితే 1629. 1596కి 78 కలిపితే 1674. తేడా మళ్ళీ 45! రెండు దారుల్లోనూ ఒకే నంబర్ వచ్చింది కాబట్టి అదే కరెక్ట్ అనిపిస్తుంది. కానీ కాదు. రెండు దారుల్లోనూ ఒకే పొరపాటు దాక్కుని ఉంది.

ఆ పొరపాటు ఏంటంటే, శక సంవత్సరం జనవరిలో మొదలవదు, ఉగాదికి మొదలవుతుంది. చైత్రం మొదటి నెల, ఫాల్గుణం చివరి నెల. శకం 1551 ఉగాది వచ్చింది 1629 మార్చి ప్రాంతంలో. అక్కడి నుంచి డిసెంబర్ దాకా 1629. కానీ శివాజీ పుట్టింది ఫాల్గుణంలో, అంటే ఇంకో ఉగాదికి పదమూడు రోజుల ముందు. అప్పటికి ఇంగ్లీష్ క్యాలెండర్‌లో కొత్త సంవత్సరం వచ్చేసింది. కాబట్టి ఉగాది నుంచి డిసెంబర్ 31 వరకు పడే తిథులకి 78 కలపాలి, జనవరి 1 నుంచి తర్వాతి ఉగాది ముందురోజు వరకు పడే తిథులకి 79 కలపాలి. 1551కి 79 కలిపితే 1630. అందుకే ఆయన పుట్టిన తేదీ 1630 ఫిబ్రవరి 19 అంటున్నాం. పట్టాభిషేకం జ్యేష్ఠంలో, ఉగాది దాటిన మూడో నెలలో. దానికి 78 చాలు, 1674.

శకంలోనే లెక్క వేసినా ఇదే తేలుతుంది. ఆయన పుట్టినతిథి ఫాల్గుణంలో. పట్టాభిషేకం జ్యేష్ఠంలో. 1596వ సంవత్సరంలో ఫాల్గుణం ఇంకా రాలేదు. అంటే 45 నిండలేదు, 44 నిండి 45వ ఏడు నడుస్తోంది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు "నలభై అయిదో ఏడు నడుస్తోందిరా" అంటారు చూడండి, సరిగ్గా అదే. చదివేటప్పుడు ఆ 45 నిండిన వయసా, నడుస్తున్న వయసా అని చూసుకోవాలి.

సంవత్సరం నిజంగా కరెక్టేనా అని చెక్ చేసే దారి కూడా మన పంచాంగంలోనే ఉంది. ప్రభవ, విభవ, శుక్ల అని అరవై పేర్లు తిరుగుతుంటాయి కదా. 1987 ఉగాదికి ప్రభవ మొదలైంది. అక్కడి నుంచి అరవై చొప్పున ఆరుసార్లు వెనక్కి వెళ్తే 1627. అది కూడా ప్రభవే. 1628 విభవ, 1629 ఉగాదికి మొదలైంది శుక్ల. శకావళిలో ఉన్న పేరు కూడా శుక్లే! అలాగే ఆనంద నలభై ఎనిమిదో పేరు. 1627 నుంచి 47 ఏళ్ళు ముందుకి లెక్కపెడితే 1674. అదీ సరిపోయింది. శక సంఖ్య రాసేటప్పుడు ఒక అంకె తప్పు పడొచ్చు, కానీ అంకె, సంవత్సరం పేరు రెండూ ఒకేలా తప్పు పడటం కష్టం. ఒక్క జాగ్రత్త, ఉత్తరాదిలో ఈ అరవై పేర్ల లెక్క వేరేగా నడుస్తుంది. అక్కడి రికార్డులకి ఈ చెక్ ఇలాగే పెట్టకూడదు.

సరే, ఇప్పుడు రోజు సంగతి చూద్దాం. ఆన్‌లైన్‌లో ఏదైనా వారం చెప్పే కాలిక్యులేటర్ తెరిచి 1630 ఫిబ్రవరి 19 కొట్టండి. చాలావాటిలో మంగళవారం అని వస్తుంది. కానీ శకావళిలో ఉన్నది శుక్రవారం! మరి శకావళి తప్పా? కాదు. ఆ రోజుల్లో యూరప్‌లో రెండు క్యాలెండర్లు నడిచేవి. ఇంగ్లీష్ వాళ్ళది పాత జూలియన్ క్యాలెండర్. పోర్చుగీసు వాళ్ళు 1582లోనే గ్రెగోరియన్‌కి మారిపోయారు. శివాజీ కాలంలో ఈ రెండింటి మధ్య తేడా 10 రోజులు. ఫిబ్రవరి 19 అనేది జూలియన్ తేదీ. మీ ఫోన్‌కి తెలిసింది గ్రెగోరియన్. దానికి 10 రోజులు కలిపి 1630 మార్చి 1 కొట్టి చూడండి. శుక్రవారం వస్తుంది. అదన్నమాట! తేదీ ఏ క్యాలెండర్‌దో తెలియనప్పుడు వారం పట్టుకుంటే దొరికిపోతుంది, ఎందుకంటే ఏ క్యాలెండర్ వాడినా వారం మాత్రం మారదు.

పట్టాభిషేకం తేదీగా మనం చదివే 1674 జూన్ 6 కూడా జూలియన్ తేదీయే. గ్రెగోరియన్‌లో అది జూన్ 16, శనివారం. వయసు లెక్కకి రెండు తేదీలూ ఒకే క్యాలెండర్‌లో ఉండాలి. జూలియన్‌లో ఫిబ్రవరి 19 నుంచి జూన్ 6 వరకు లెక్కపెడితే 44 ఏళ్ళ 3 నెలల 18 రోజులు. గ్రెగోరియన్‌లో మార్చి 1 నుంచి జూన్ 16 వరకు అయితే 44 ఏళ్ళ 3 నెలల 15 రోజులు. నెలల పొడవు వేరు కాబట్టి చివర్లో ఆ మూడు రోజుల తేడా కనిపిస్తుంది. మొత్తం రోజులు మాత్రం రెండింట్లోనూ 16,178. ఒక తేదీ ఇందులోంచి, ఇంకోటి అందులోంచి తీసుకుంటే పది రోజులు తేడా కొడుతుంది.

ఇంకో చిన్న తమాషా ఉంది. శకావళిలో పట్టాభిషేకం శుద్ధ ద్వాదశి, శుక్రవారం అని ఉంటుంది. మనమేమో త్రయోదశి, శనివారం అంటున్నాం. ఇదెలా? అందులోనే జవాబుంది. ఇంకా మూడు ఘడియల రాత్రి మిగిలుండగా సింహాసనం ఎక్కారని రాశారు. ఘడియ అంటే 24 నిమిషాలు, మూడు ఘడియలంటే 72 నిమిషాలు. అంటే సూర్యోదయానికి గంటకు పైగా ముందు. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మారుతుంది కాబట్టి వాళ్ళకి అదింకా శుక్రవారమే. అర్ధరాత్రికే రోజు మార్చేసే మనకి అది శనివారం తెల్లవారుజాము. రెండూ ఒకే క్షణం.

మరి 47 ఎక్కడిది? అది లెక్కలో తప్పు కాదు, ఆధారంలో తేడా. తర్వాతి కాలంలో రాసిన బఖర్లు, అంటే మరాఠీ చరిత్ర కథనాలు, ఆయన పుట్టుకను శకం 1549, ప్రభవ నామ సంవత్సరం, వైశాఖంలో పెట్టాయి. అంటే 1627. దాని ప్రకారం పట్టాభిషేకం నాటికి 47 నిండుతాయి. చాలాకాలం పుస్తకాల్లో ఇదే నడిచింది. కానీ జేధే శకావళితో పాటు, శివాజీ ఆస్థానంలోని కవీంద్ర పరమానందుడు సంస్కృతంలో రాసిన శివభారతం కూడా 1551 ఫాల్గుణమే చెబుతోంది. ఆ కవి శివాజీ కాలంలోనే బతికినవాడు. అందుకే ఎక్కువమంది చరిత్రకారులు 1630 వైపు ఉన్నారు. మహారాష్ట్ర ప్రభుత్వం కూడా ఫిబ్రవరి 19నే జయంతిగా తీసుకుంది. గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే, క్యాలెండర్ మార్చడం వల్ల ఎప్పుడూ మూడేళ్ళ తేడా రాదు. తేడా పది రోజులైతే జూలియన్, గ్రెగోరియన్ కలిసిపోయి ఉంటాయి. ఒక ఏడాది అయితే ఉగాది దగ్గర జారి ఉంటారు. రెండు మూడేళ్ళయితే అసలు ఆధారాలే వేరని అర్థం, అప్పుడు ఏది నమ్మాలో చూసుకోవాలి.

సో ఫైనల్‌గా, పట్టాభిషేకం నాటికి శివాజీకి 44 నిండాయి, 45వ ఏడు నడుస్తోంది.

ఇప్పుడు మీకొక లెక్క. శివాజీ చనిపోయింది శకం 1602, రౌద్రి నామ సంవత్సరం, చైత్ర పౌర్ణమి నాడు. ఇంగ్లీష్ తేదీ చూడకుండా, ఫోన్ తీయకుండా, ఆయనకి ఎన్నేళ్ళు నిండాయో చెప్పండి. 51 అనేలోపు ఒక్క క్షణం ఆగి, చైత్రం ముందా ఫాల్గుణం ముందా అని చూసుకోండి. మీకు 50 వస్తే లెక్క పట్టేసినట్టే. మళ్ళీ కలుద్దాం, ఉంటాను!