మొదటి విదేశీ ప్రయాణం: గ్రూప్ టూరా, సొంత ప్లానా?

మొదటిసారి విదేశం వెళ్లేవారికి ప్రయాణం పొడవునా ఒకే స్థాయిలో భయం ఉండదు. ఇమిగ్రేషన్ కౌంటర్ ముందు నిలబడే కొన్ని నిమిషాలు, దిగాక విమానాశ్రయం నుంచి హోటల్ చేరేవరకు గడిచే గంట, పూటపూటకూ తిండి, ఒంట్లో బాగోకపోతే ఎలా అన్న బెంగ. భయమంతా దాదాపు ఈ నాలుగు చోట్లే ఉంటుంది. గ్రూప్ టూరా, సొంత ప్లానా అని తేల్చుకునే ముందు వీటిలో దేన్ని ఏది తీరుస్తుందో చూసుకోవాలి.

రాజమండ్రిలో ఉండే ఒక జంటను ఊహించుకుందాం. ఇద్దరూ అరవై దాటినవారు. ఆయనకు బీపీ, ఆవిడకు మోకాళ్ల నొప్పి. మాంసాహారం ముట్టరు. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటే బెరుకు. పిల్లలు సింగపూర్ చూసి రమ్మంటున్నారు. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానాలున్నాయి, నాలుగున్నర గంటల ప్రయాణం.

ముందు ఇమిగ్రేషన్ సంగతి. గ్రూప్‌తో వెళితే అక్కడ కూడా ఎవరో పక్కన ఉంటారని చాలామంది అనుకుంటారు. ఉండరు. శంషాబాద్‌లో అధికారి ముందుకు ఎవరి పాస్‌పోర్టుతో వాళ్లే వెళ్లాలి. ఎక్కడికి, ఎందుకు, ఎక్కడ దిగుతారు, తిరుగు టికెట్ ఉందా అని అడిగితే ఎవరి జవాబు వాళ్లే చెప్పాలి. సింగపూర్‌లోని చాంగి విమానాశ్రయంలోనైతే చాలామటుకు యంత్రాల గేట్లే. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, వీసా కాగితాలు ప్రింటు తీసి చేతిలో ఉంచుకుంటే చాలు. ఈ భయం విషయంలో రెండు పద్ధతులూ సమానమే.

దిగిన తర్వాతి గంటకు మాత్రం గ్రూప్ టూర్ ధీమా ఇస్తుంది. పేరు రాసిన బోర్డు పట్టుకుని ఒక మనిషి ఎదురుచూస్తుంటాడు, బస్సు సిద్ధంగా ఉంటుంది. అయితే సింగపూర్‌లో సొంతంగా వెళ్లినవారికీ ఇది పెద్ద గండం కాదు. విమానాశ్రయం బయటే టాక్సీల వరస ఉంటుంది, మీటరు మీదే నడుస్తాయి, బేరమాడే పని లేదు. హోటల్ పేరు, చిరునామా రాసిన కాగితం డ్రైవరుకు చూపిస్తే చాలు. ఎక్స్‌పో స్టేషన్‌లో ఒకే ఒక్క మార్పుతో మెట్రో రైల్లో లిటిల్ ఇండియా చేరుకోవచ్చు గానీ, పెట్టెలతో, అలసటతో ఉన్న మొదటిరోజు టాక్సీకే ఖర్చు పెట్టడం మంచిది.

తిండి దగ్గర లెక్క తారుమారవుతుంది. గ్రూప్ టూర్‌లో భారతీయ భోజనం ఉంటుంది గానీ, వాళ్లు కుదుర్చుకున్న హోటల్లో, వాళ్లు చెప్పిన వేళకే తినాలి. సొంతంగా వెళ్లి లిటిల్ ఇండియాలోనో, పక్కనున్న ఫారర్ పార్క్‌లోనో గది తీసుకుంటే సెరంగూన్ రోడ్డు నడక దూరంలోనే ఉంటుంది. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ శాకాహార హోటల్, శ్రీనివాస పెరుమాళ్ గుడి ఆ రోడ్డు మీదే ఉన్నాయి. ఆంధ్ర భోజనం పెట్టే హోటళ్లూ ఆ చుట్టుపక్కల దొరుకుతాయి. ఆవిడ మోకాళ్లు సహకరించని రోజు ఆలస్యంగా లేచి, ఇడ్లీ తిని, మధ్యాహ్నం బయలుదేరవచ్చు. గ్రూప్ బస్సు ఎవరి మోకాళ్ల కోసమూ ఆగదు. పొద్దున చెప్పిన వేళకు లాబీలో ఉండాల్సిందే. ఆరోగ్యం పాడైతే టూర్ మేనేజరు డాక్టరు దగ్గరికి చేరుస్తాడు, అది నిజంగా పెద్ద ఆసరా. కానీ మిగతా గుంపు ముందుకు సాగిపోతుంది, మీరు గదిలో మిగిలిపోతారు. ప్రయాణ బీమా ఎలా వెళ్లినా తీసుకోవలసిందే.

గ్రూప్ టూర్‌కు అసలైన బలం మరోచోట ఉంది. ఏం అడగాలో కూడా మనకు తెలియని సంగతుల్ని ముందే చెప్పే మనిషి ఉండటమే ఆ బలం. గసగసాలే తీసుకోండి. మన మసాలా పొడుల్లో, కూరల్లో మామూలుగా పడే గసగసాలు సింగపూర్‌లోకి తీసుకెళ్లకూడని వస్తువు. అక్కడ వాటిని మత్తుపదార్థాల చట్టం కింద చూస్తారు. ఖైనీ, గుట్కా, చూయింగ్ గమ్ కూడా తీసుకెళ్లకూడదు. కొన్ని నిద్రమాత్రలకు, కొన్ని నొప్పి మాత్రలకు ముందే అనుమతి తీసుకోవాలి. మంచి టూర్ కంపెనీ ఇవన్నీ బయలుదేరే ముందే చెబుతుంది. సొంతంగా వెళ్లేవారు సింగపూర్ ప్రభుత్వ వెబ్‌సైట్లలో చూసుకోవాలి. అక్కడే ఇంకో చిక్కుంది. చేరడానికి ముందు మూడు రోజుల్లోపు నింపాల్సిన SG Arrival Card పూర్తిగా ఉచితం. దానికీ డబ్బు గుంజే నకిలీ సైట్లున్నాయి. సైటు రుసుము అడిగిందంటే అది ప్రభుత్వానిది కాదని గుర్తు.

వీసా దగ్గర రెండు దారులూ మళ్లీ కలుస్తాయి. సింగపూర్ వీసాకు మన దగ్గర గుర్తింపు పొందిన ఏజెంట్ల ద్వారానే దరఖాస్తు చేస్తారు. కాబట్టి సొంత ప్లాన్ అంటే ఏజెంటే లేకుండా వెళ్లడం కాదు. వీసా చేయించే ఆ ఏజెంటు చేతనే ఒక రోజుకు కారు, గైడును మాట్లాడించుకోవచ్చు. మొదటి రోజు గైడుతో ఊరు చుట్టి, మెట్రో ఎక్కడం దిగడం అతని పక్కనుండి నేర్చుకుంటే మిగతా రోజులు సొంతంగా తిరిగే ధైర్యం వస్తుంది. మెట్రోకు టికెట్ కొనక్కర్లేదు, గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే సరిపోతుంది. ఆ కార్డుకు విదేశీ లావాదేవీల అనుమతిని మాత్రం ఇంటి దగ్గరే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకుని వెళ్లాలి.

ఇక టూర్ బ్రోచర్ చదివే తీరు. చాలామంది ఇక్కడే నష్టపోతారు. అందులో సందర్శన అని ఉంటే టికెట్‌తో లోపలికి తీసుకెళతారు. ఫోటో స్టాప్ అంటే బయట పది పదిహేను నిమిషాలు దింపుతారు. డ్రైవ్ పాస్ట్ అంటే బస్సు కిటికీలోంచి చూపిస్తూ వెళ్లిపోతారు. ఆప్షనల్ అంటే డబ్బు వేరుగా కట్టాలి. పది ప్రదేశాలు రాసిన కాగితంలో లోపలికి వెళ్లేవి నాలుగే కావచ్చు. వీసా రుసుము, మధ్యాహ్న భోజనాలు, టిప్పులు, బీమా ధరలో ఉన్నాయో లేదో, టూర్ మేనేజరు హైదరాబాద్ నుంచే వెంట వస్తాడో, సింగపూర్‌లో స్థానిక గైడు మాత్రమే కలుస్తాడో అడగాలి. భయస్తులకు ఈ చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. తగినంతమంది చేరకపోతే టూర్ రద్దవుతుంది, అప్పుడు డబ్బు ఎంత, ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుందో కాగితం మీద రాయించుకోవాలి. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ కూడా వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది. కానీ అది ముందే చేతినుంచి కట్టాలి గనుక బడ్జెట్‌లో వేసుకోవాలి.

సొంతంగా టికెట్లు కొనేవారు చేసే పెద్ద తప్పు పేరు దగ్గర జరుగుతుంది. మనలో చాలామందికి ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. టికెట్ మీద పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. లేకపోతే చెక్ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేయవచ్చు. వీసా చేతికొచ్చేదాకా హోటల్ గదిని డబ్బు వెనక్కి వచ్చే పద్ధతిలోనే తీసుకోవాలి.

ఈ దంపతులకు నా సలహా సొంత ప్లానే. ఒకే హోటల్లో నాలుగైదు రాత్రులు, ఒక రోజు గైడు, మిగతాది తీరిగ్గా. సింగపూర్ చిన్న దేశం, ఇంగ్లిష్ ప్రతిచోటా నడుస్తుంది, తమిళం అధికార భాషల్లో ఒకటి, దారి తప్పినా ఒక మెట్రో స్టేషన్ దగ్గరలోనే ఉంటుంది. ఇదే జంట యూరప్‌లో ఐదారు దేశాలు చూస్తామంటే మాత్రం గ్రూప్ టూరే మేలంటాను. రెండు రోజులకొక ఊరు, రైళ్లు, పెట్టెల బరువు, శాకాహారం కోసం వెతుకులాట మొదటి ప్రయాణంలో వాళ్ల మీద పడకూడదు. ఇంట్లో ఎవరికీ ఫోన్‌లో మ్యాప్ చూడటం అలవాటు లేకపోతే సింగపూర్‌కైనా గ్రూప్‌తోనే వెళ్లాలి.

ఏది మీకు సరిపోతుందో తేలకపోతే డబ్బు కట్టే ముందు రెండు రోజులు చెన్నై వెళ్లి రండి. ఎవరి సాయమూ అడగకుండా, ఫోన్ మ్యాప్ చూసుకుంటూ, మెట్రోలో నాలుగు చోట్లకు తిరగండి. అక్కడ ఇబ్బంది లేకుండా తిరగగలిగితే సింగపూర్‌కు గ్రూప్ అవసరం మీకు లేదు.