పోస్టర్‌కు ముందు ఫొటోకు వెలుగు

ఫంక్షన్ హాల్లో సాయంత్రం ఫోన్‌తో తీసిన గాయకురాలి ఫొటో మసకగా, నల్లగా ఉందనుకుందాం. ఫొటోషాప్‌లో Ctrl+L నొక్కితే లెవెల్స్ పెట్టె తెరుచుకుంటుంది. అందులో కొండలా కనిపించే హిస్టోగ్రామ్, 0 (నలుపు) నుంచి 255 (తెలుపు) వరకు ఏ వెలుగులో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపుతుంది. ఈ ఫొటోలో కొండ 165 దగ్గరే ఆగిపోయింది. అసలైన తెలుపు లేకపోవడమే మసకకు కారణం.

కుడి చివరి తెల్ల త్రికోణాన్ని 170 దాకా లోపలికి జరిపితే ఆ స్థాయి తెలుపవుతుంది, మిగతావి దానితోపాటు సాగుతాయి. Alt పట్టుకుని జరిపితే వివరాలు చెరిగిపోతున్న చోట్లు తెరపై వెలుగుతాయి. దీపం చెరిగినా పర్వాలేదు, నుదురు చెరగకూడదు. తర్వాత మధ్య త్రికోణాన్ని 1.00 నుంచి 1.25కు తెస్తే ముఖం తేలుతుంది.

ఇక కర్వ్స్, Ctrl+M. గీత మీద చెంప స్థాయి దగ్గర ఒక బిందువు పెట్టి కొంచెం పైకి లాగాలి. నీడల దగ్గర మరో బిందువు గీతను పట్టి ఉంచకపోతే జుట్టు బూడిదరంగుకు తిరుగుతుంది. గీత మరీ నిటారైతే రంగులు మెట్లుమెట్లుగా విడిపోతాయి.

చీకట్లో ఫోన్ సెన్సర్ పట్టుకోని వివరం ఎంత లాగినా రాదు. గరుకు చుక్కలే పైకొస్తాయి. అలాంటి మూలను పోస్టర్‌లో అక్షరాల కింద నల్లగానే వదిలేయడం మేలు. అచ్చులో సిరా కాగితం మీద విస్తరించి బొమ్మ ముదురుతుంది కాబట్టి, ముఖాన్ని తెరపై కనిపించాల్సినదానికంటే ఒక పిసరు ఎక్కువ వెలుగులో ఉంచాలి.