‘ఈ రిటర్ను మీదేనా?’ అని ఐఆర్‌ఎస్ అడిగితే

అమెరికాలో ట్యాక్స్ రిటర్ను వేసి, రిఫండ్ ఎప్పుడు పడుతుందా అని బ్యాంకు ఖాతా చూసుకునేవాళ్లలో కొందరికి డబ్బుకు బదులు పోస్టులో ఒక ఉత్తరం వస్తుంది. అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ పంపేది. మీ పేరుతో, మీ సోషల్ సెక్యూరిటీ నంబరుతో ఒక రిటర్ను అందిందనీ, అది వేసింది మీరేనని తేలేదాకా దాన్ని ముందుకు కదపబోమనీ అందులో ఉంటుంది.

ఇది ఆడిట్ నోటీసు కాదు, బాకీ కట్టమనే తాఖీదు అసలే కాదు. ఎవరి నంబరో దొంగిలించి, సీజను మొదట్లోనే దొంగ రిటర్ను వేసి, రిఫండును తమ ఖాతాలోకి మళ్లించుకునే ముఠాలు అక్కడ చాలాకాలంగా ఉన్నాయి. వాటిని పట్టడానికి ఐఆర్‌ఎస్ పెట్టుకున్న జల్లెడలో నిఖార్సైన రిటర్నులు కూడా కొన్ని చిక్కుకుంటాయి.

మన దేశంలో రిటర్ను వేశాక ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయడం అలవాటైనవాళ్లు ఇదీ అలాంటిదే అనుకుంటారు. కానీ ఇక్కడ ప్రతి ఒక్కరూ చేయాల్సిన పని అది. అమెరికాలో ఉత్తరం వచ్చినవాళ్లు మాత్రమే చేయాలి. ఉత్తరం రాకపోయినా ‘వెరిఫై చేసుకోండి’ అంటూ ఫోనుకు లింకు వచ్చిందంటే అది మోసమనే అనుకోవాలి. ఇలాంటి విషయంలో ఐఆర్‌ఎస్ మొదటి కబురు పంపేది పోస్టులోనే. ఈమెయిల్‌లోనో, వాట్సాప్‌లోనో పంపదు.

దొంగ ఫోన్లతో విసిగిపోయిన మనవాళ్లు నిజమైన ఉత్తరాన్ని కూడా చెత్తబుట్టలో వేయడం దీనికి మరోవైపు. అసలుదో నకిలీదో కాగితం చూసి తేల్చాలని తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. లోగో ఎవరైనా అచ్చు వేయించగలరు. ఉత్తరం మూలన 5071C, 4883C, 5747C లాంటి నంబరు ఒకటి ఉంటుంది. బ్రౌజర్‌లో IRS.gov అని మీరే టైప్ చేసి, అక్కడ ఆ నంబరు వెతకండి. ఆ ఉత్తరం దేనికో, ఎలా జవాబివ్వాలో, ఏ ఫోన్ నంబరుకు చేయాలో ఆ పేజీలో ఉంటుంది. మీ చేతిలోని కాగితం దానితో సరిపోవాలి. ఫోను నంబరు తేడాగా ఉన్నా, డబ్బు కట్టమన్నా, గిఫ్ట్ కార్డుల ఊసెత్తినా ఆ కాగితాన్ని నమ్మొద్దు. జవాబు ఎటు వెళ్లాలో ఉత్తరం చెప్పినదాన్ని బట్టి కాక, మీరు సొంతంగా తెరిచిన పేజీని బట్టి నిర్ణయించుకోండి. క్యూఆర్ కోడ్ ఉన్నా దాన్ని పక్కన పెట్టి, అడ్రసు టైప్ చేసుకోవడమే మేలు.

నంబర్లలో తేడాకు కారణం ఉంది. 5071C వస్తే ఆన్‌లైన్‌లో తేల్చుకోవచ్చు. 4883C వస్తే ఫోను చేయాలి. 5747C అంటే అపాయింట్‌మెంట్ తీసుకుని దగ్గరలోని ఐఆర్‌ఎస్ కార్యాలయానికి వెళ్లాల్సి రావచ్చు. చదువో ఉద్యోగమో ముగించుకుని హైదరాబాదుకో విజయవాడకో తిరిగొచ్చినవాళ్లకు, అంటే విదేశీ చిరునామా ఉన్నవాళ్లకు పంపేది 5447C.

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక కుర్రాడిని ఊహించుకుందాం. ఫ్రెండ్స్ చెప్పిన ఒక కన్సల్టెంటు చేత ఫిబ్రవరిలో రిటర్ను వేయించాడు. మార్చి 3 తేదీతో 5071C వచ్చింది. గడువు 30 రోజులు. అది ఉత్తరం చేతికి అందిన రోజు నుంచి కాదు, దాని మీదున్న తేదీ నుంచి. అంటే ఏప్రిల్ 2 లోపు జవాబివ్వాలి. అతను వెంటనే సైట్ తెరవకుండా ముందు కాగితాలు పోగు చేసుకోవాలి. ఉత్తరం, అది ఏ ఏడాది గురించో ఆ ఏడాది రిటర్ను పూర్తి కాపీ, అంతకు ముందు ఏడాది రిటర్ను ఉంటే అది, కంపెనీ ఇచ్చిన W-2. కొత్తగా వెళ్లినవాళ్లు W-2నే రిటర్ను అనుకుంటుంటారు. అది కంపెనీ ఇచ్చే జీతం వివరాల పత్రం మాత్రమే. రిటర్ను అంటే 1040. విద్యార్థులైతే చాలామందికి 1040-NR.

మన కుర్రాడి దగ్గర రిటర్ను కాపీ లేదు. ‘అంతా అయిపోయింది బ్రో’ అన్న మెసేజ్ మాత్రమే ఉంది. పట్టుబట్టి కాపీ తెప్పించుకుంటే అందులో తను ఎన్నడూ చేయని వ్యాపారం, దానికి నష్టం కనిపించాయి. డబ్బు తీసుకుని రిటర్ను తయారుచేసినవాళ్లు సంతకం చేసి, పీటిన్ అనే తమ గుర్తింపు సంఖ్య వేయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

ఇలాంటివేమీ లేకపోతే పని తేలికే. IRS.gov/verifyreturn తెరిచి ID.me ద్వారా లాగిన్ అవ్వాలి. పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో ఫొటో తీసి పెట్టాలి, సెల్ఫీ దిగాలి. ఇక్కడికి పనైపోయిందనుకుని చాలామంది ఆగిపోతారు. అప్పటికి తేలింది మీరు ఎవరన్నది మాత్రమే. ఆ తర్వాత రిటర్ను గురించి ప్రశ్నలుంటాయి. వాటికి కాపీ చూసి జవాబిస్తేనే రెండో సగం పూర్తవుతుంది. మధ్యలో ఫోనుకు వచ్చే కోడ్ ఎవరికీ చదివి వినిపించకూడదు, సాయం చేస్తానన్న కన్సల్టెంటుకైనా సరే.

కానీ ఈ కుర్రాడు ‘ఔను, నాదే’ అని నొక్కేస్తే దొంగ నష్టం ఉన్న రిటర్నును తనదని ఒప్పుకున్నట్టవుతుంది. గుర్తింపు తేలినంత మాత్రాన అందులోని లెక్కలు సరైనవని ఐఆర్‌ఎస్ ఒప్పుకున్నట్టు కాదు, రేపు వాటికి జవాబుదారీ అతనే. అందుకే అతను ఫోను చేసి, రిటర్ను వేయమన్నది తనే అయినా ఈ అంకెలు తనవి కావని ఉన్నదున్నట్టు చెప్పాలి. తర్వాత సరిచేయడానికి 1040-X వేయాల్సి రావచ్చు. తనకు తెలియకుండా మార్చారని ఫిర్యాదు చేయడానికి 14157-A అనే ఫారం ఉంది. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ‘ఎక్కువ రిఫండ్ గ్యారంటీ’ అని తిరిగే ప్రకటనల గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అసలు రిటర్నే వేయలేదనుకోండి, జవాబివ్వడం ఇంకా ముఖ్యం. అదే చోట ‘నేను వేయలేదు’ అని చెబితే ఆ దొంగ రిటర్నును మీ ఖాతాలోంచి తీసేస్తారు. గుర్తింపు చోరీకి మామూలుగా నింపే 14039 ఫారం ఈ ఉత్తరం వచ్చినవాళ్లకు విడిగా అక్కర్లేదు. అయితే మీరు వేయాల్సిన రిటర్ను గడువు దీనివల్ల ఆగదు. ఆ నంబరుతో అప్పటికే ఒకటి వేసి ఉంటుంది కాబట్టి ఆన్‌లైన్‌లో వేస్తే తిరస్కరించవచ్చు. అప్పుడు కాగితం మీద పోస్టులో పంపాల్సిందే.

అంతా సవ్యంగా తేలాక కూడా రిటర్ను ప్రాసెస్ కావడానికి 9 వారాల దాకా పట్టవచ్చు. ఈలోగా ‘తొందరగా తెప్పిస్తాం’ అని ఫోన్లు వస్తే పెట్టేయండి. ఆరంకెల ఐపీ పిన్ కోసం ఐఆర్‌ఎస్ ఖాతాలో దరఖాస్తు చేసుకోవడానికి ఇదే సరైన సమయం. ఏటా కొత్తది ఇస్తారు. అది లేకుండా మీ నంబరుతో ఎవరూ ఆన్‌లైన్‌లో రిటర్ను వేయలేరు. ఇల్లు మారినవాళ్లు, స్వదేశం వచ్చేసినవాళ్లు 8822 ఫారంతో చిరునామా మార్పించుకోవాలి. లేకపోతే ఈ ఉత్తరం పాత అపార్ట్‌మెంటు డబ్బాలోనే పడి ఉంటుంది, 30 రోజులూ అక్కడే గడిచిపోతాయి.