డబ్బా మనవడికా, నాయనమ్మకా?

ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇంటర్ రెండో ఏడాది చదివే అబ్బాయికి 17 ఏళ్లు, బరువు 60 కిలోలు. సాయంత్రాలు జిమ్‌కి వెళ్తున్నాడు. కోచ్ చెప్పాడని పోరు పెట్టి రెండు కిలోల ప్రొటీన్ పొడి డబ్బా కొనిపించుకున్నాడు. అదే ఇంట్లో నాయనమ్మకి 72 ఏళ్లు, బరువు 52 కిలోలు. ఈమధ్య కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వస్తోంది. ఆమె ఏం తింటోందో ఎవరూ లెక్క చూడలేదు. చూస్తే, ఆ డబ్బా అవసరం ఉన్నది మనవడికి కాదని తెలుస్తుంది.

ముందు అబ్బాయి సంగతి. 16 నుంచి 18 ఏళ్ల అబ్బాయిలకు రోజుకి 55 గ్రాములు, అమ్మాయిలకు 46 గ్రాముల ప్రొటీన్ కావాలని ఐసీఎంఆర్, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పాయి. గట్టిగా కసరత్తు చేసేవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ కావాలి. కిలో బరువుకి 1.4 గ్రాముల చొప్పున వేసుకుంటే మనవాడికి 84 గ్రాములు.

ఇప్పుడు అతని కంచం చూద్దాం. పొద్దున నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ, పెద్ద గ్లాసు పాలు కలిసి 20 గ్రాములు. మధ్యాహ్నం రెండు కప్పుల అన్నం, కప్పు ముద్దపప్పు, ఉడికించిన గుడ్డు, కప్పు పెరుగు అంటే 26. సాయంత్రం గుప్పెడు సెనగ గుగ్గిళ్లు 6. రాత్రి అన్నం, రెండు గుడ్ల కూర, పెరుగు 24. మొత్తం 76. జిమ్ నుంచి వచ్చాక గుప్పెడు వేయించిన పల్లీలు తింటే 83. గుడ్ల బదులు వంద గ్రాముల కోడికూర వండిన రోజు 90 దాటుతుంది. గుడ్డు ముట్టని ఇళ్లలో ఆ లోటును మీల్‌మేకర్ చాలావరకు తీరుస్తుంది, 30 గ్రాముల పొడి ముక్కల్లో 15 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది.

అంటే ఈ అబ్బాయికి సరైన మోతాదు సున్నా. పైన ఒక చెంచా వేస్తే కండ అదనంగా పెరగదు. కండ కట్టడానికి వాడుకోగా మిగిలిన ప్రొటీన్‌ను శరీరం శక్తి కోసం కాల్చేస్తుంది, లేదా కొవ్వుగా దాస్తుంది. అందులోని నత్రజని యూరియాగా మారి మూత్రంలో పోతుంది. కండ కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దని అదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

ఈ వయసు పిల్లల్లో నేను ఎక్కువగా భయపడేది మరొకటి. పొట్ట తగ్గాలని అన్నం మానేసి షేక్ తాగుతారు. ఒంటికి కావలసినంత శక్తి అందకపోతే తాగిన ప్రొటీన్ కూడా పొయ్యిలో కట్టెలా కాలిపోతుంది, కండకు చేరదు. నీరసం, చిరాకు, జిమ్‌లో మునుపటి బరువు ఎత్తలేకపోవడం, అమ్మాయిల్లో నెలసరి తప్పడం దీని గుర్తులు. అలాంటప్పుడు పెంచాల్సింది పొడిని కాదు, అన్నాన్ని. పరీక్షల రోజుల్లోనో, హాస్టల్ తిండి సహించకో నిజంగానే పప్పూ గుడ్డూ తప్పిపోతే ఆ రోజుకి అర చెంచా సరిపోతుంది. ఎంత లోటున్నా ఒక చెంచా దాటాల్సిన పని లేదు. ఇక్కడ చెంచా అంటే డబ్బాలో వచ్చే కొలత చెంచా. వే ప్రొటీన్ అయితే అందులో సుమారు 30 గ్రాముల పొడి, అందులో 24 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. బ్రాండును బట్టి మారుతుంది కాబట్టి లేబుల్ మీద ఒక సర్వింగ్‌కి ఎంతో చదవాలి. లేబుల్ లేకుండా జిమ్‌లో విడిగా అమ్మే పొడి మాత్రం వద్దు. స్టెరాయిడ్లు కలిపినవి కూడా మార్కెట్లో తిరుగుతుంటాయి.

ఇక నాయనమ్మ. పొద్దున కాఫీ, రెండు ఇడ్లీలు, చట్నీ అంటే 9 గ్రాములు. మధ్యాహ్నం కప్పు అన్నం, చారు, కొంచెం కూర, పల్చటి మజ్జిగ అంటే ఇంకో 9. సాయంత్రం టీ, బిస్కెట్లు 2. రాత్రి ఉప్మా, చిన్న గ్లాసు పాలు 10. మొత్తం 30. పెద్ద వయసులో కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలని 2013లో వృద్ధుల ప్రొటీన్ అవసరాలపై ఏర్పడిన అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. ఆమెకు అది 52 నుంచి 62 గ్రాములు. అంటే దాదాపు సగమే అందుతోంది.

ఆ సూచన వెనక ఒక కారణం ఉంది. అదే ప్రొటీన్‌కు కుర్రవాడి కండ స్పందించినంతగా ముసలివాళ్ల కండ స్పందించదు. పూటకి 9 గ్రాములంటే అది దాదాపు కదలదు. ఒక్కో పూట 25 గ్రాములైనా పడాలి. అందుకే రోజు మొత్తంతో పాటు ఏ పూట ఎంత పడుతోందో కూడా చూడాలి.

పళ్లు సరిగా లేని మనిషికి గుగ్గిళ్లు పెట్టి లాభం లేదు. ఇడ్లీకి బదులు 50 గ్రాముల పెసల పిండితో మెత్తని పెసరట్లు వేస్తే 8 గ్రాములు పెరుగుతాయి. చారుకి బదులు కప్పు ముద్దపప్పుతో 5, మజ్జిగకి బదులు గడ్డ పెరుగుతో 3, బిస్కెట్లకి బదులు బెల్లం కలిపిన పుట్నాల పొడితో దాదాపు 4. మొత్తం 50కి చేరుతుంది. ఆమె ఇవన్నీ ఇష్టంగా తిని, రోజూ ఒక గుడ్డు కూడా తినగలిగితే డబ్బా మూత తీయాల్సిన పని లేదు.

కానీ డెంగీ వచ్చి లేచాక, తుంటి ఆపరేషన్ తర్వాత, లేదా ఆకలి చచ్చి మూడు నెలల్లో మూడు కిలోలు తగ్గినప్పుడు ఇంత తినమంటే తినలేరు. పొడికి అసలైన చోటు అది. పొద్దున పెసరట్టుతో పాటు మజ్జిగలో అర చెంచా కలిపితే 12 గ్రాములు. ఆ పూట 25 దాటుతుంది, రోజు 62కి చేరుతుంది. అంతకంటే తక్కువ తింటున్నవాళ్లకు రెండు పూటలుగా ఒక చెంచా. మరుగుతున్న పాలలో వేస్తే ఉండలు కడుతుంది, గోరువెచ్చగా ఉండాలి. కడుపుబ్బరం, విరేచనాలు వస్తే లాక్టోజ్ సరిపడలేదని అనుమానించి ఐసొలేట్ రకానికి మార్చవచ్చు. తిండికి ముందు తాగితే ఉన్న ఆకలి కూడా పోతుంది కాబట్టి తిన్నాకే ఇవ్వాలి. పెద్దవాళ్ల కోసమని అమ్మే కొన్ని డబ్బాల్లో ప్రొటీన్ కన్నా చక్కెర, మాల్టోడెక్స్ట్రిన్ ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్ల ఇంట్లో ఇది తప్పక చూడాలి.

మొదలుపెట్టే ముందు ఒక పని ఉంది. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించాలి. మన ఇళ్లలో బీపీ, షుగర్ ఏళ్ల తరబడి ఉన్న పెద్దవాళ్లకు కిడ్నీలు చప్పుడు లేకుండా దెబ్బతిని ఉండవచ్చు. మూత్రం నురగలు కట్టినా, పాదాలు వాచినా పొడి ఊసెత్తకముందే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు ప్రొటీన్ తగ్గించాల్సి వస్తుంది. డయాలిసిస్ మొదలైనవాళ్లకేమో పెంచాలి. ఆ లెక్క వారి వైద్యుడే వేయాలి.

పొడి ఒక్కటే కాళ్లకు బలం ఇవ్వదు. నాయనమ్మ రోజూ పదిసార్లు కుర్చీలోంచి లేచి కూర్చోవాలి, మొదట చేతులు ఆనించైనా సరే. ఎలా ఉందో ఇంట్లోనే చూసుకోవచ్చు. మనవడు పక్కన నిలబడి ఫోన్‌లో సమయం చూస్తుంటే, చేతులు గుండెకి కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్లు బలహీనపడ్డాయని ఆసియా నిపుణుల కొలత. రెండు నెలలకోసారి చూసి రాసిపెట్టుకోండి. ఆకలి తిరిగొచ్చి, బరువు నిలబడి, ఆ సెకన్లు తగ్గుతుంటే అర చెంచాని రోజు విడిచి రోజుకి తగ్గించి, ఆనక ఆపేయవచ్చు. పెసరట్లు మాత్రం ఆపకూడదు.